జర్మన్ బీ1 మౌఖిక పరీక్షలో ఫొటో వర్ణన, అభిప్రాయం: ఎలా సిద్ధం కావాలి?

జర్మనీలో ఇంటిగ్రేషన్ కోర్సు ముగిశాక రాసే డీటీజడ్ పరీక్షలో మౌఖిక భాగానికి సాధారణంగా ఇద్దరు అభ్యర్థులను కలిపి పిలుస్తారు. మొత్తం సుమారు 16 నిమిషాలు పడుతుంది, ముందుగా ఆలోచించుకోవడానికి విడిగా సమయం ఇవ్వరు. రెండవ భాగంలో ఒక ఫొటో చేతికిస్తారు. అందులో ఏముందో చెప్పాక, ఆ విషయంలో మీ అనుభవం ఏమిటో, మీరేమనుకుంటున్నారో అడుగుతారు.

సాధనకు పెద్దగా ఏమీ అవసరం లేదు. పత్రికల నుంచి, దుకాణాల ప్రకటన కాగితాల నుంచి మనుషులున్న ఫొటోలు కొన్ని కత్తిరించుకొని, ఫోనులో రికార్డింగ్ పెట్టుకొంటే చాలు. ఒక్కో ఫొటోకు నాలుగు మాటలకు మించి రాసుకోకూడదు. వాక్యాలు పూర్తిగా రాసి బట్టీ పట్టినవారిని పరీక్షకురాలు మధ్యలో ఒక ప్రశ్న అడిగితే చాలు, తరువాతి వాక్యం గుర్తురాక అక్కడే ఆగిపోతారు. నమూనా జవాబులు కంఠస్థం చేయించే శిక్షణను నేను అంగీకరించకపోవడానికి కారణం ఇదే.

వర్ణన సులభమైన మెట్టు, దానికి ఒక నిమిషం సరిపోతుంది. ఎవరున్నారు, ఎక్కడున్నారు, ఏం చేస్తున్నారు అనే క్రమం ఎప్పుడూ తప్పకూడదు. ఉదాహరణకు, ఫొటోలో ఒక జంట వారపు సంతలో కూరగాయలు కొంటున్నదనుకొందాం. "ఔఫ్ డేమ్ ఫోటో జేయ ఇఖ్ ఐన ఫ్రావ్ ఉంట్ ఐనన్ మాన్" (ఫొటోలో ఒక స్త్రీ, ఒక పురుషుడు కనిపిస్తున్నారు) అని మొదలుపెట్టండి. ఇక్కడ క్రియ అయిన "జేయ" రెండవ స్థానంలోనే ఉండాలి, పురుషుడిని చెప్పేటప్పుడు "ఐన్" కాదు, "ఐనన్" అనాలి. తూకం యంత్రం పేరు తెలియకపోతే ఆగిపోకండి. "డమిట్ వీగ్ట్ మాన్ దస్ గెమ్యూజ" (దీనితో కూరగాయలు తూచుతారు) అంటే సరిపోతుంది.

అసలు చిక్కు వర్ణన నుంచి అభిప్రాయానికి మారేచోట ఉంది. చాలామంది అక్కడ "ఇఖ్ ఫిండ దస్ గూట్" (ఇది బాగుందనుకుంటున్నాను) అని ఊరుకుంటారు. కారణం లేని అభిప్రాయంతో పరీక్షకురాలికి మీ భాష ఏ స్థాయిలో ఉందో తెలియదు కనుక, ఆమె మళ్లీ మళ్లీ అడగవలసి వస్తుంది, మీ కంగారూ పెరుగుతుంది. అందువల్ల ముందుగా ఫొటో మీద ఒక ఊహ చెప్పాలి: "ఫిలైఖ్ట్ కావ్‌ఫన్ జీ ఫ్యూర్ దస్ వోఖన్‌ఎండ ఐన్" (బహుశా వారాంతానికి సరుకులు కొంటున్నారేమో). చివరి "ఐన్" క్రియలోని ముక్క, దానిని మింగేయకూడదు. ఆ వెంటనే పోలిక, దాని తరువాత కారణం రావాలి: "ఇఖ్ ఫిండ డేన్ మార్క్ట్ బెస్సర్ ఆల్స్ డేన్ జూపర్‌మార్క్ట్, వైల్ దస్ గెమ్యూజ డోర్ట్ ఫ్రిషర్ ఇస్ట్" (సూపర్ మార్కెట్ కన్నా సంతే మేలనుకుంటాను, ఎందుకంటే అక్కడ కూరగాయలు మరింత తాజాగా ఉంటాయి).

ఈ "వైల్" దగ్గరే ఎక్కువమంది తడబడతారు. "వైల్" తరువాతి ఉపవాక్యంలో "ఇస్ట్" అనే క్రియ చిట్టచివరకు పోవాలి. తెలుగులో కూడా మనం "కూరగాయలు తాజాగా ఉంటాయి" అని క్రియను చివరనే ఉంచుతాం. అయినా మనవారు మనసులో ముందు ఇంగ్లీషు వాక్యం కట్టుకొంటారు కనుక "వైల్ దస్ గెమ్యూజ ఇస్ట్ ఫ్రిషర్" అంటారు. కారణం చెప్పేటప్పుడు తెలుగులో ఆలోచించండి, క్రియ దానంతటదే సరైన చోటికి చేరుతుంది. అయితే ప్రధాన వాక్యానికి ఈ అలవాటును తీసుకుపోతే అక్కడ క్రియ చివరకు పోయి తప్పవుతుంది. అందుకే రికార్డింగ్ విన్నప్పుడు మిగతావన్నీ వదిలేసి, "వైల్" వచ్చిన ప్రతిచోటా ఆ తరువాత క్రియ ఎక్కడ పడిందో మాత్రమే చూసుకోవాలి. తప్పు దొరికితే ఆ ఒక్క ముక్కను కాక, పోలిక నుంచి కారణం వరకు మొత్తం మళ్లీ చెప్పాలి.

కారణం తరువాత మీ ఊరి సంగతి చెప్పండి. మీది గుంటూరైతే "ఇన్ గుంటూర్ కావ్‌ఫన్ వీర్ ఫాస్ట్ యేడన్ టాగ్ ఔఫ్ డేమ్ మార్క్ట్ గెమ్యూజ" (గుంటూరులో దాదాపు రోజూ మార్కెట్లో కూరగాయలు కొంటాం) అని, రైతు బజారులో రైతులే నేరుగా అమ్ముతారని ఒక వాక్యం చేర్చవచ్చు. జర్మనీలో చాలాచోట్ల ఈ సంత వారానికి ఒకటి రెండు రోజులే ఉంటుంది కనుక పోలిక సహజంగా కుదురుతుంది. ఎంత బాగా సాగుతున్నా ఇక్కడ ఆపి, పరీక్షకురాలి ముఖం చూసి, ఆమె ప్రశ్న పూర్తయ్యేదాకా వినండి. ప్రశ్న అర్థం కాకపోతే "క్యోన్నన్ జీ దస్ బిట్ట వీడర్‌హోలన్?" (దయచేసి మళ్లీ చెప్పగలరా?) అని అడగండి.