చిట్టీ రాయడం నేర్చుకుందాం – 3వ పాఠం: మీరు, నువ్వు, మనం

మనసుకి నచ్చిన మనిషికి పంపే గిఫ్ట్ ఎలా సెలెక్ట్ చేయాలో, దాంతో పెట్టే చిట్టీలో ఎన్ని లైన్లు ఉండాలో పోయిన రెండు పాఠాల్లో చూశాం కదా, ఈసారి ఒక్క విషయం మీదే కూర్చుందాం. చిట్టీలో అవతల మనిషిని ఏమని పిలవాలి? చాలామంది దీన్ని పట్టించుకోకుండా నవ్వు గురించీ కళ్ళ గురించీ ఏం రాయాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటారు. కానీ తెలుగులో సగం సరసం ఆ మీరు, నువ్వు, మనం అనే మూడు మాటల్లోనే ఉంది. మీరు నుంచి నువ్వుకి ఎక్కడ దిగుతావో అక్కడే అవతల వాళ్ళ గుండె ఒకసారి ఆగి కొట్టుకుంటుంది, ఇది నేను చాలా నమ్మకంగా చెప్తున్నా.

మా పిన్ని కొడుకు చిట్టీనే తీసుకుని మొదటి నుంచి చివరి దాకా చేద్దాం. వాడిది సిరిపురంలో ఉద్యోగం, ఆ అమ్మాయిది రుషికొండ ఐటీ హిల్స్ మీద ఒక ఆఫీసు. ఇద్దరికీ ఒక కామన్ ఫ్రెండ్ పెళ్ళిలో పరిచయం, తర్వాత నలుగురితో కలిసి రెండుసార్లు ఆర్కే బీచ్‌కి వెళ్ళారు, ఫోన్లో రోజూ మాట్లాడుకుంటున్నారు కానీ ఇంకా మీరు అంటే మీరు అనే స్టేజ్‌లోనే ఉన్నారు. బీచ్‌లో మురీ మిక్చర్ తిన్నప్పుడు ఆ అమ్మాయి బండి ఆయనతో ఉల్లిపాయ వద్దు, నిమ్మకాయ ఎక్కువ పిండండి అని గట్టిగా చెప్పిందంట, అది వీడికి గుర్తుండిపోయింది. (మన వైజాగ్ వాళ్ళకి మురీలు అంటే చాలు, వేరే ఊళ్ళ వాళ్ళు మరమరాలు అనో బొరుగులు అనో చదువుకోండి.)

వాడు నాకు ఫోన్ చేసి "అక్కా, ఆ బండి దగ్గరే మిక్చర్ కట్టించి ఆఫీసుకి పంపిస్తాను, చిట్టీలో ఏటి రాయమంటావ్?" అన్నాడు. ముందు తిండి సంగతి చెప్పాను. కలిపిన మురీ పది నిమిషాలు కూడా కరకరలాడదు, ఉప్పూ నిమ్మరసం టమాటా నీళ్ళు తగిలాక మెత్తబడిపోద్ది, ఇక్కడి నుంచి రుషికొండ చేరేసరికి ఓ అరగంట, కింద సెక్యూరిటీ దగ్గర ఇంకో పావుగంట, విప్పి చూస్తే ముద్ద. ముద్ద పక్కన ఎంత మంచి చిట్టీ పెట్టినా లాభం లేదు. అందుకని కలపకుండా పంపమన్నాను. మురీలు ఒక కవర్లో గాలి తీసేసి గట్టిగా రబ్బర్ బ్యాండ్ వేసి (మన సముద్రం గాలికి కవరు కొంచెం తెరుచుకున్నా మెత్తబడతాయి), వేయించిన పల్లీలు ఇంకో చిన్న కవర్లో, ఉప్పూ కారం మసాలా కలిపి చిన్న పొట్లం, ఒక నిమ్మకాయ కోయకుండా అలాగే. ఉల్లిపాయ లేదు. అంతే. ఇలా విడివిడిగా పెట్టేసరికి చిట్టీకి కావలసిన మాట దానంతట అదే దొరికింది, అది కిందకి వెళ్ళాక చూస్తారు.

వాడు రాసిన మొదటి చిట్టీ ఇది:

"హాయ్, నీ నవ్వు చూస్తే నా రోజంతా వెలుగే. నువ్వు ఎంత అందంగా ఉంటావో నీకు తెలీదు. ఇది తిన్నావా లేదా చెప్పు. నీ కోసం ఎదురుచూస్తూ ఉంటా."

ఇందులో తప్పు ఎక్కడుంది? పొగడ్త ఎవరికైనా అతికేదే, అది ఒక తప్పు. దానికంటే పెద్దది, మొన్నటి దాకా మీరు అన్నవాడు ఒక్కసారిగా మొదటి లైన్ నుంచే నువ్వు అనేశాడు. ఎదురుగా ఉండి అంటే గొంతులో చిన్న బెరుకు వినిపిస్తుంది, మొహం మీద నవ్వు కనిపిస్తుంది, కాగితం మీద అవేవీ ఉండవు, అందుకే చొరవ కాస్తా చనువు తీసుకున్నట్టు అయిపోతుంది. పైగా ఆఫీసులో పక్క సీటు వాళ్ళు చదివితే వీళ్ళిద్దరి మధ్య లేనిదేదో ఉన్నట్టు అనుకుంటారు.

రెండోసారి భయపడి పూర్తిగా ఇంకో వైపు వెళ్ళాడు:

"నమస్తే అండి, మీకు మురీ మిక్చర్ ఇష్టమని గుర్తుంది. అందుకే పంపిస్తున్నాను. తిని ఎలా ఉందో చెప్పండి."

ఇది మర్యాదగా ఉంది కానీ కేటరింగ్ ఆయన ఫీడ్‌బ్యాక్ అడిగినట్టుంది. ఇక్కడ కూడా మీరు తప్పు కాదు, మీరు మొదటి నుంచి చివరి దాకా ఒకే ఎత్తులో ఉండిపోవడం తప్పు. కదలిక లేదు.

ఇప్పుడు మూడు మాటల పని చూద్దాం. మీరు అంటే దూరం, కానీ కావాలని కొంచెం ఎక్కువ మీరు వేస్తే, అంటే గారూ, మేడమ్ గారూ అని సాగదీస్తే అది ఆటపట్టించడం అవుతుంది. నువ్వు అంటే దగ్గర, దీన్ని మొత్తం చిట్టీలో ఒక్కసారే, చివర్లోనే వాడాలి, అప్పుడే దిగినట్టు తెలుస్తుంది. మధ్యలో మీరు, పక్క లైన్లో నువ్వు, మళ్ళీ మీరు అని రాస్తే అవతల వాళ్ళు పొరపాటు అనుకుంటారు. ఇక మనం. మనం అంటే నేనూ నువ్వూ ఇద్దరం అని, మేము అంటే నిన్ను బయట పెట్టి నేనూ ఇంకెవరో అని. "మేము మొన్న బీచ్‌లో తిన్నాం" అని రాస్తే ఆ అమ్మాయి అక్కడ లేనట్టే. "మనం మొన్న తిన్నాం" అనగానే ఆ సాయంత్రంలోకి ఆమెని మళ్ళీ లాక్కొచ్చినట్టు. మనం అన్నాక ఇష్టం అనే మాట వేరే రాయక్కర్లేదు.

ఇవి పెట్టుకుని ఇద్దరం కూర్చుని రాసింది ఇది:

"మేడమ్ గారూ,
మురీలు విడిగా, నిమ్మకాయ విడిగా పంపిస్తున్నాను. ఉల్లిపాయ లేదు, గుర్తుంది.
మీరు కలిపితే బావుంటుంది. మనం కలిస్తే ఇంకా బావుంటుంది.
నిమ్మకాయ వారం రోజులు ఆగుతుంది, తొందరేం లేదు. నువ్వే చెప్పు."

మొదట మేడమ్ గారూ, అది రోజూ అనే మీరు కంటే ఒక మెట్టు పైన, చదవగానే నవ్వు వస్తుంది. రెండో లైన్లో పొగడ్త ఒక్కటీ లేదు, ఉల్లిపాయ సంగతి మాత్రమే ఉంది, కానీ నేను నిన్ను గమనించాను అని దానికంటే బాగా చెప్పే మాట నాకు తెలీదు. మూడో లైన్ ఈ చిట్టీకి ప్రాణం, కలిపితే అంటే మిక్చర్, కలిస్తే అంటే మనుషులు, చిన్న తేడాలో మీరు కాస్తా మనం అయిపోయింది. నాలుగో లైన్లో నిమ్మకాయ వారం ఆగుతుంది అనడం నిజమే, కోయని నిమ్మకాయ బయట పెట్టినా అంత తొందరగా పాడవదు, ఆ నిజం మీద ఎక్కి తొందర లేదు అన్నాం కాబట్టి ఆమెకి కాదనడానికి, ఆలోచించుకోవడానికి చోటుంది. వాడు అక్కడ "శనివారమా ఆదివారమా" అని రాస్తానన్నాడు, నేను ఒప్పుకోలేదు, అలా రాస్తే ఆమె వస్తుందని మనమే ముందే తేల్చేసినట్టు. చివరి రెండు మాటల్లోనే నువ్వు వచ్చింది. అక్కడితో చిట్టీ అయిపోయింది, కింద హార్ట్ బొమ్మలూ గట్రా వద్దు.

కొంతమందికి నువ్వు అనే ధైర్యం ఇంకా రాదు, అవతల మనిషి వయసులో పెద్దో ఆఫీసులో సీనియరో అయితే అనకూడదు కూడా. వాళ్ళకో దారుంది. చాలామంది నువ్వు అనే మాట తీసేస్తే చాలనుకుని "తిన్నావా" అని రాస్తారు, ఆ చివర వా లోనే నువ్వు కూర్చుని ఉంటుంది, తీసేసినా పోదు. తిన్నారా అంటే మళ్ళీ మీరు. రెండూ తగలకుండా ఉండాలంటే తినాలి, చెప్పాలి అనే రూపం వాడండి. "తిని ఎలా ఉందో చెప్పాలి మరి" అంటే మీరూ కాదు నువ్వూ కాదు, అవతల వాళ్ళు ఎలా చదువుకుంటే అలా.

మన యాస కూడా ఇక్కడ పనికొస్తుంది కానీ జాగ్రత్త. "ఏటి మేడమ్, బేగి తినేయాలి" అంటే శ్రీకాకుళం, విజయనగరం, వైజాగ్ అమ్మాయికి ఇంట్లో మనిషి మాట్లాడినట్టుంటుంది. ఆ అమ్మాయిది గుంటూరో కర్నూలో అయితే మీరు సినిమా కామెడీ చేస్తున్నారనుకుంటుంది. ఇద్దరిదీ అదే యాస అయితేనే వాడండి.

చిట్టీ ఎలా చేరుతుందో కూడా చూసుకోవాలి, ఎందుకంటే ఇక్కడే చాలా పాడవుతాయి. యాప్‌లో ఆర్డర్ పెట్టినప్పుడు ఇన్‌స్ట్రక్షన్స్ అని ఒక డబ్బా ఉంటుంది, అందులో రాసింది కిచెన్ వాళ్ళకో బండి మీద వచ్చే అబ్బాయికో వెళ్తుంది, మీ అమ్మాయికి కాదు. నాకు తెలిసిన ఒకతను సరసమంతా అక్కడ టైప్ చేస్తే డెలివరీ అబ్బాయి పాపం అడ్రస్ అనుకుని ఆ అమ్మాయికి ఫోన్ చేసి చదివి వినిపించాడు. కాబట్టి చేత్తో రాసి, మీరే సర్దిన కవర్లో పెట్టి, బైక్ పార్సిల్‌లో పంపండి. చిట్టీకి నూనె మరక అంటకుండా వేరే చిన్న జిప్ కవర్, అది లోపల. బయట ఆమె పేరు మాత్రమే, ఎందుకంటే సెక్యూరిటీ, రిసెప్షన్, ముగ్గురు నలుగురి చేతులు మారుతుంది. అవతలి ఫోన్ నంబర్ దగ్గర ఆమె నంబర్ ఇస్తే బండి అబ్బాయి ముందే కాల్ చేసి సర్‌ప్రైజ్ పోతుంది, అందుకని మా వాడు తన నంబరే ఇచ్చి, గేటు దగ్గర పెట్టాడని తెలిశాక "కింద సెక్యూరిటీ దగ్గర మీ పేరుతో ఒక కవర్ ఉంది" అని మెసేజ్ పెట్టాడు. నాలుగు గంటల టీ టైమ్‌కి చేరేలా చూసుకున్నాడు.

ఇంటికి మాత్రం పంపకండి, అమ్మో నాన్నో విప్పుతారు, ఆ చివరి నువ్వు వాళ్ళ కంట పడితే సంజాయిషీ ఇచ్చుకోవాల్సింది ఆ అమ్మాయే. ఇంతకుముందు మాటలే లేని మనిషికి ఆఫీసుకి కూడా పంపకండి, నలుగురిలో ఇబ్బంది పెట్టినట్టు అవుతుంది.

తర్వాత జవాబు ఎలా చదవాలి? మీరు నువ్వు అన్నారు కదా, అవతల నుంచి ఏం వచ్చిందో చూడండి. "థాంక్యూ అండి, మీరు భలే గుర్తుపెట్టుకున్నారు" అని వస్తే కోపం కాదు, ఆమె ఇంకా ఆ మెట్టు మీదే ఉంది, మీరు కూడా పైకి ఎక్కి మీరు అనే మాట్లాడండి. ఒక్క థాంక్స్ మాత్రమే వచ్చి అక్కడితో ఆగిపోతేనో, అసలేం రాకపోతేనో, రెండో పార్సిల్ లేదు, కలుస్తావా అని గుర్తు చేయడమూ లేదు.

మా వాడికి ఆ రోజు రాత్రి దాకా ఏమీ రాలేదు, నాకు మూడుసార్లు ఫోన్ చేశాడు. మర్నాడు పొద్దున్న ఒక ఫొటో వచ్చింది, కీబోర్డు పక్కన నిమ్మకాయ, కింద "పల్లీలు అయిపోయాయి. మిగతావి కలపడానికి ఎప్పుడొస్తావ్?"

హోంవర్క్: మీరు పంపాలనుకున్న తిండి ఏదో రాసుకుని, దాని పక్కన ఆ మనిషి దాని గురించి ఎప్పుడో అన్న ఒక్క మాట రాయండి, ఉల్లిపాయ వద్దు లాంటిది. తర్వాత ఒకే చిట్టీని రెండు రకాలుగా రాయండి, ఒకటి చివర్లో నువ్వుకి దిగేది, ఇంకోటి మొత్తం తినాలి చెప్పాలి రూపంలో ఉండేది. రెండూ పైకి చదివి మీ నోటికి ఏది తడబడకుండా వస్తుందో అది ఉంచుకోండి. 4వ పాఠంలో ఇప్పటికే నువ్వు నువ్వు అనుకునే జంటలు మీరుకి ఎక్కి ఎలా ఆటపట్టించుకోవాలో చూద్దాం.