మూడేళ్ల మిషనా, ఐదేళ్ల మిషనా? ఏది కొనాలో తేల్చుకోవడం ఎలా?

కాలేజీ ఎదురుగా జిరాక్స్ షాపు పెడుతున్నారనుకుందాం. సెకండ్ హ్యాండ్ మిషన్ ధర 1,00,000 రూపాయలు, మూడేళ్లు పనిచేస్తుంది. కొత్తది 1,60,000, ఐదేళ్లు వస్తుంది. కాగితం, టోనర్, డ్రమ్, సర్వీసు, కరెంటు ఖర్చులు పోగా మొదటిదానిపై ఏటా 50,000, రెండోదానిపై 52,000 మిగులుతుంది. వడ్డీ 12 శాతం. రెండింటికీ చివర్లో అమ్మకం విలువ లేదనుకుందాం.

1. ముందు నికర వర్తమాన విలువ కట్టాలి, అంటే ముందుముందు మిగిలే డబ్బు నేటి విలువలోంచి మిషన్ ధర తీసేస్తే వచ్చేది. ఏటా రూపాయి చొప్పున మూడేళ్లు వస్తే, 12 శాతం వడ్డీ లెక్కన దాని నేటి విలువ 2.4018. ఐదేళ్లకైతే 3.6048. ఏటా మిగిలేదాన్ని దీంతో గుణించి, మిషన్ ధర తీసేయండి. సెకండ్ హ్యాండ్‌కు సుమారు 20,090, కొత్తదానికి 27,450 వస్తాయి.

చాలామంది ఇక్కడే ఆగిపోయి కొత్తది కొనేస్తారు. కానీ ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఒకటి మూడేళ్ల లాభం, ఇంకొకటి ఐదేళ్లది. మూడేళ్ల తర్వాత షాపు మూసేయరు కదా, మళ్లీ మిషన్ కొంటారు.

2. అందుకే ఆ విలువను ఏడాదికింత అని పరచాలి. అదే గుణకంతో భాగిస్తే చాలు: 20,090ని 2.4018తో భాగిస్తే 8,365, 27,450ని 3.6048తో భాగిస్తే 7,615. ఎక్సెల్‌లో ఇలా:

```
=PMT(12%,3,-20090)
=PMT(12%,5,-27450)
```

ఏడాదికి 750 తేడాతో సెకండ్ హ్యాండే మెరుగు. రెండు మిషన్లూ ఒకే పని చేసి రాబడి సమానమైతే ఖర్చులకే ఈ లెక్క కట్టి, తక్కువ వచ్చినదాన్ని ఎంచుకోవాలి.

3. ఇక అసలు పరీక్ష. పాడైనప్పుడల్లా అదే ధరకు అలాంటి మిషనే దొరుకుతుందన్నది ఈ లెక్క వెనకున్న ఊహ. పదిహేనేళ్లు షాపు నడిపితే సెకండ్ హ్యాండ్‌ను ఇంకో నాలుగుసార్లు కొనాలి, కొత్తదాన్ని రెండుసార్లే. రాబడి ఇంతే ఉండి మిషన్ల ధర మాత్రం ఏటా 5 శాతం పెరిగితే ఫలితం తారుమారై కొత్తదే మెరుగవుతుంది. తేడా 750 లాంటి చిన్న మొత్తమైతే ధరలు పెంచి మరోసారి కట్టి చూడండి. నేనైతే అలా చూడకుండా అడ్వాన్స్ ఇవ్వను.

షాపు అద్దె ఒప్పందం మూడేళ్లకే ముగిసి, ఆ తర్వాత కొనసాగించే ఆలోచన లేకపోతే ఈ పద్ధతి వాడొద్దు. మూడేళ్ల తర్వాత కొత్త మిషన్‌ను ఎంతకు అమ్మగలరో కనుక్కుని, రెండింటికీ మూడేళ్లకే లెక్క కట్టండి.