ప్రాజెక్టు నియంత్రణ, 6వ పాఠం: రూపాయల్లో తగ్గుతూ నెలల్లో పెరిగే జాప్యం

గత పాఠంలో రెండు అంకెలు లెక్కకట్టడం నేర్చుకున్నాం. ఫలానా తేదీకి ఎంత పని జరగాలనుకున్నామో దాని బడ్జెట్ ధర ప్రణాళిక విలువ. అప్పటికి నిజంగా పూర్తయిన పనికి అదే బడ్జెట్‌లో రాసుకున్న ధర సాధించిన విలువ. రెండోదానిలోంచి మొదటిది తీసేస్తే షెడ్యూలు వ్యత్యాసం వస్తుంది. మైనస్ వస్తే పని వెనకబడినట్టు. ప్రాజెక్టు సగం దాటేవరకు ఈ లెక్క బాగానే దారి చూపుతుంది. చివరి మూడో వంతులో దాన్నే నమ్ముకుంటే, గడువు దాటిపోయిన పని కూడా కుదుటపడుతున్నట్టు కనిపిస్తుంది.

పాఠం కోసం ఒక ఉదాహరణ కల్పించుకుందాం. నెల్లూరు జిల్లాలో కావలికి, బిట్రగుంటకు మధ్య రహదారి పక్కన రొయ్యల మేత నిల్వ చేసే గోదాము కడుతున్నారు. బడ్జెట్ 80 లక్షలు, గడువు 10 నెలలు. ఆగస్టు 1న మొదలై మే చివరికి అప్పగించాలి. ఈ జిల్లాలో పెద్ద వానలు పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల కాలంలో. పునాదులు, ప్లింత్ బీములు సరిగ్గా ఆ నెలల్లోనే పడ్డాయి. గోతుల్లో నీళ్లు నిలిచి పని కుంటుపడింది. డిసెంబరు చివరికి 40 లక్షల పని కావాల్సి ఉండగా 29 లక్షల పనే అయింది.

ఆ తరువాతి కథ ఈ పట్టికలో ఉంది. అంకెలన్నీ లక్షల్లో, మొదటి నుంచి ఆ నెలాఖరు వరకు కలిపినవి.

| నెల | ప్రణాళిక విలువ | సాధించిన విలువ | వ్యత్యాసం |
|---|---|---|---|
| 5 డిసెంబరు | 40 | 29 | -11 |
| 6 జనవరి | 52 | 40 | -12 |
| 7 ఫిబ్రవరి | 63 | 50 | -13 |
| 8 మార్చి | 71 | 58 | -13 |
| 9 ఏప్రిల్ | 77 | 65 | -12 |
| 10 మే | 80 | 71 | -9 |
| 11 జూన్ | 80 | 75 | -5 |
| 12 జులై | 80 | 78 | -2 |
| 13 ఆగస్టు | 80 | 80 | 0 |

చివరి నిలువు వరుసను పైనుంచి కిందికి చదవండి. మార్చి తరువాత లోటు నెలనెలా తగ్గుతోంది. జూన్ చివర సాధించిన విలువను ప్రణాళిక విలువతో భాగిస్తే వచ్చే షెడ్యూలు సూచిక 0.94. నివేదికలో ఆ అంకె చూసిన యజమాని కాస్త ఊపిరి పీల్చుకుంటాడు. కానీ ఆ రోజుకు గడువు ముగిసి నెల గడిచింది. ఆగస్టు చివర లోటు సున్నా, సూచిక 1. మూడు నెలలు ఆలస్యంగా అప్పగించిన గోదాముకు, సరిగ్గా గడువుకు అప్పగించినదానికి ఈ లెక్కలో తేడాయే లేదు.

ఇలా జరగడానికి కారణాలు రెండు. మొదటిది, ప్రణాళిక విలువ మొత్తం బడ్జెట్ దగ్గర ఆగిపోతుంది. మే తరువాత అది 80 దాటి కదలదు. సాధించిన విలువ ఎంత మెల్లగా నడిచినా ఎప్పుడో ఒకప్పుడు దాన్ని చేరుతుంది. పని ఆగిపోకుండా పూర్తయిన ఏ ప్రాజెక్టుకైనా లోటు చివరికి సున్నాయే. రెండో కారణాన్ని చాలామంది గమనించరు. అది గడువుకు ముందే పనిచేయడం మొదలుపెడుతుంది. గోదాముకు ట్రస్సులు నిలబెట్టి రేకులు వేసే నెలల్లో నెలకు 11, 12 లక్షల పని జరుగుతుంది. చివరి నెలలో మిగిలేవి రంగులు, షట్టర్లు, వైరింగు, కరెంటు కనెక్షను. పదో నెల మొత్తానికి ప్రణాళికలో ఉన్నది 3 లక్షలే. కాబట్టి డిసెంబరులో 3 లక్షల లోటంటే వారం వెనకబడినట్టు, మేలో అదే 3 లక్షల లోటంటే నెల వెనకబడినట్టు. రూపాయిల్లో రెండూ ఒకటే.

ఈ చిక్కుకు 2003లో వాల్ట్ లిప్కీ చూపిన దారి ఎర్న్‌డ్ షెడ్యూల్ పద్ధతి. కొత్త సమాచారం ఏదీ సేకరించనక్కర్లేదు. అడిగే ప్రశ్న ఒక్కటే మారుతుంది: ఈరోజు సాధించిన విలువ ప్రణాళిక ప్రకారం ఎప్పటికి రావాల్సింది? ఆ జవాబును సాధించిన కాలం అందాం.

మే చివర చూడండి. సాధించిన విలువ 71. ప్రణాళిక వరుసలో 71 మార్చి చివర, అంటే 8వ నెల దగ్గర ఉంది. సాధించిన కాలం 8 నెలలు, గడిచిన కాలం 10 నెలలు. గోదాము సరిగ్గా రెండు నెలలు వెనకబడింది. రూపాయిల లెక్క మాత్రం అప్పుడే మెరుగుదల చూపిస్తోంది.

అంకె రెండు నెలల మధ్య పడితే ఆ నెలను పాళ్లలో పంచాలి. C అంటే సాధించిన విలువ పూర్తిగా దాటిన చివరి నెల, EV సాధించిన విలువ, PV ప్రణాళిక విలువ, AT గడిచిన నెలలు, ES సాధించిన కాలం, SV(t) నెలల్లో చెప్పిన వ్యత్యాసం, SPI(t) నెలలతో కట్టిన సూచిక.

```
ES = C + (EV - PV[C]) / (PV[C+1] - PV[C])
SV(t) = ES - AT
SPI(t) = ES / AT
```

ఫిబ్రవరి చివర సాధించినది 50. అది 5వ నెల అంకె 40ని దాటింది, 6వ నెల అంకె 52ను చేరలేదు. కాబట్టి 5కు 10/12 కలిపితే 5.83 నెలలు. గడిచినవి 7, వెనకబడినది 1.17 నెలలు. జూన్ చివర సాధించినది 75. 8కి 4/6 కలిపితే 8.67, వెనకబడినది 2.33 నెలలు. జులైలో 2.67. ఆగస్టులో పని ముగిసినప్పుడు సాధించిన కాలం 10, గడిచినది 13, తేడా 3 నెలలు. ఈ అంకె సున్నాకు జారిపోదు. నిజంగా ఎంత ఆలస్యమైందో అక్కడే నిలుస్తుంది.

ముగింపు ఎప్పుడో అంచనా వేయాలంటే ప్రణాళిక కాలాన్ని SPI(t)తో భాగించాలి. ఫిబ్రవరిలో SPI(t) 0.833, అంచనా 12 నెలలు. మేలో 0.80, అంచనా 12.5. జూన్‌లో 12.7. అంచనా ఇలా నెలనెలా పైకి జరుగుతోందంటే, ఇటీవలి పని మొదటి నుంచి ఉన్న సగటు వేగం కంటే మందగించిందని అర్థం. అలాంటప్పుడు సగటును పక్కనపెట్టి ఆ ఒక్క నెల నడకను చూడడం మంచిదని నా అభిప్రాయం. జూన్‌లో సాధించిన కాలం 8 నుంచి 8.67కు, అంటే 0.67 నెల జరిగింది. మిగిలినది 1.33. అదే నడకన ఇంకా రెండు నెలలు, అంటే ఆగస్టు చివర.

ఇక దీని హద్దు. ఏ పని ఏ పనికోసం ఆగి ఉందో ఈ పద్ధతికి తెలియదు. గోదాముకు ట్రాన్స్‌ఫార్మరు రాకపోయినా, కాంట్రాక్టరు చుట్టూ ప్రహరీ కట్టేసి, రంగులు వేయించి జూన్‌లో ఆ 4 లక్షలు చూపించవచ్చు. సాధించిన కాలం 8.67 అనే వస్తుంది, కానీ అప్పగింతను ఆపుతున్న పని అంగుళం కదలలేదు. అందుకే ప్రతి నెలా అంకెతోపాటు ఆ విలువ ఏ పనుల నుంచి వచ్చిందో బిల్లుల పుస్తకంలో కాకుండా సైటు కొలతల పుస్తకంలో చూడాలి. అది కీలక మార్గంలోని, అంటే ఆలస్యమైతే అప్పగింతనే ఆలస్యం చేసే పనుల నుంచి రాకపోతే, తేదీ కోసం కీలక మార్గాన్నే లెక్కించాలి.

అభ్యాసం: ఏప్రిల్ చివరి వరుస తీసుకుని సాధించిన కాలం, ముగింపు అంచనా కట్టండి. 7వ నెల ప్రణాళిక విలువ 63, 8వది 71. జవాబులు 7.25 నెలలు, 12.4 నెలలు రావాలి. 6.25 వచ్చిందంటే 71లోంచి వెనక్కి లెక్కించి, వచ్చిన 6/8ను 8కి బదులు 7లోంచి తీసేశారు కాబోలు. వెనక్కి లెక్కించినా 8లోంచి తీస్తే 7.25 వస్తుంది. తరువాతి పాఠంలో, పని ప్రణాళికలోని వరుసక్రమంలోనే జరుగుతోందా లేదా చూపించే పీ-ఫ్యాక్టర్‌ను ఇదే గోదాము అంకెలతో లెక్కిద్దాం.