ఇల్లు కడుతుండగా బీమా, 4వ పాఠం: మేస్త్రీ అంకె వేస్తే ఏమవుతుంది

ఇంటికి ఎంత మొత్తానికి బీమా చేయాలో కట్టమని పోయినసారి ఇచ్చిన లెక్కలో ఎక్కువమంది ఒకేచోట తప్పారు. అగ్రిమెంటులో ఉన్న అంకెనే బీమా మొత్తంగా వేసేశారు. ‘కాంట్రాక్టు విలువ’ అని రాసి, అందులో ఏమేం కలుస్తాయో చెప్పకుండా వదిలేసిన తప్పు నాది. అందుకే థర్డ్ పార్టీ, అంటే మన పనివల్ల బయటివాళ్లకు జరిగే నష్టం సంగతి వచ్చే పాఠానికి జరిపాను. ఫారం నింపడం మీకు వచ్చు, అది వదిలేద్దాం.

మనవైపు ఇళ్లు చాలావరకు లేబర్ కాంట్రాక్టు మీదే లేస్తాయి. సిమెంటు, ఇనుము, ఇటుక మీరు తెస్తారు, మేస్త్రీ మనుషుల్ని తెస్తాడు. అతని అగ్రిమెంటు 9 లక్షలు, ఇల్లు పూర్తయ్యేసరికి మొత్తం ఖర్చు 45 లక్షలు అనుకోండి. కడుతున్న ఇంటికి, సామానుకు జరిగే నష్టానికి ఇచ్చే కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీ 9 లక్షలకే తీసుకున్నారు. ఒక రాత్రి గాలివానకు పైఅంతస్తు పచ్చి గోడలు కూలాయి, షెడ్డులో సిమెంటు తడిసి గడ్డకట్టింది. నష్టం 2 లక్షలు. 9 లక్షల పాలసీ ఉంది కదా, 2 లక్షలూ వస్తాయనుకుంటారు. రావు. నష్టం లెక్కగట్టే సర్వేయర్ 45లో 9 అంటే ఐదో వంతుకే బీమా ఉందని లెక్కేసి 40 వేలే తేలుస్తాడు. అందులోనూ ఎక్సెస్, అంటే ప్రతి క్లెయిములో మనం భరించాల్సిన భాగం, 10 వేలైతే చేతికొచ్చేది 30 వేలు.

కాబట్టి లేబర్ కాంట్రాక్టైతే పాలసీ యజమానే తీసుకోవాలి. సామాన్ల బిల్లులన్నీ మీ దగ్గరే ఉంటాయి, మేస్త్రీకి ఆ అంకె తెలియదు. మెటీరియల్‌తో సహా చదరపు అడుగు లెక్కన ఇస్తే బిల్డర్ తీసుకోవచ్చు, ఎలాగూ ఆ ప్రీమియం మీ రేటులోనే కలుస్తుంది. అప్పుడు కూడా మీరు విడిగా కొనిచ్చే టైల్స్, తలుపుల విలువ మొత్తంలో కలపమనండి.

‘బిల్డర్ చేయించాడటండీ’ అనే మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. రసీదు కాదు, పాలసీ షెడ్యూల్ చూడండి. పాలసీదారు అన్నచోట అతని పేరొక్కటే ఉంటే క్లెయిము అడిగే హక్కు అతనిదే. మీ పేరొక్కటే ఉన్నా చిక్కే: కంపెనీ మీకు డబ్బిచ్చి, తప్పు బిల్డర్‌దంటూ అతని వెంట పడొచ్చు, పని మధ్యలో ఆగుతుంది. ఎవరు కట్టినా నేను ఇద్దరి పేర్లూ వేయిస్తాను. లోనుంటే బ్యాంకు పేరు కూడా.

కింది వాటా పూర్తయిందని పాలుపొంగించి దిగిపోతే, ఆ వాటాకు ఈ పాలసీ ఆగిపోతుంది. దానికి మామూలు గృహబీమా తీసుకోవాలి.

అభ్యాసం: మీ ఇంటి బిల్లులు, ఇంకా కొనాల్సినవి, కూలి, ఇంజినీరు ఫీజు అన్నీ కూడండి. మీ పాలసీ అంకెను ఆ మొత్తంతో భాగించి, 3 లక్షల నష్టానికి ఎంతొస్తుందో కట్టండి. బిల్లు లేని ఇసుక లారీలను మరిచిపోవద్దు.