ఫార్మర్ వాక్ ఎలా చేయాలి? ఎత్తడం తేలిక, నడకలోనే ఉంది అసలు పని

రెండు చేతుల్లో బరువులు మోస్తూ నడిచే వ్యాయామమే ఫార్మర్ వాక్. జిమ్‌లో అది చేసేవాళ్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. చేతికందిన పెద్ద డంబెల్స్ రెండు పట్టుకుంటారు, భుజాలు చెవుల దాకా లాగుతారు, అద్దం దాకా పరుగులాంటి నడక నడిచి ధబీమని కింద పడేస్తారు. బరువు మోశారు గానీ, దాని వల్ల రావాల్సింది సగం కూడా రాలేదు.

సామాను గురించి పెద్దగా చెప్పేదేం లేదు. సమానమైన బరువులు రెండు ఉంటే చాలు. ఇంట్లో అయితే 20 లీటర్ల ఖాళీ పెయింట్ బకెట్లలో సగం దాకా పొడి ఇసుక పోయండి, ఒక్కోటి సుమారు 16 కిలోలు తూగుతుంది. సన్నటి పిడి వేళ్లను కోసేస్తుంది కాబట్టి దానికి పైపు ముక్క తొడగండి. నీళ్లు మాత్రం వద్దు, అడుగడుక్కీ ఊగుతాయి. చెప్పులతో చేయకూడదు, బూట్లే వేసుకోవాలి.

బరువుల మధ్య నిలబడి, తుంటి, మోకాళ్లు వంచి, నడుము గుండ్రంగా వంగకుండా లేవండి. లేచాక ఒక్క క్షణం కదలకుండా నిలబడండి. అందరూ తప్పు చేసేది దీని తర్వాతే.

ముందు భుజాల సంగతి. బరువు వాటిని కిందికి, ముందుకు లాగుతుంది. అలా జారిపోకుండా పట్టి ఉంచడమే మెడ కింది, వీపు పైభాగపు కండరాల పని. ఈ వ్యాయామం నిటారుగా నిలబడే అలవాటుకు సాయపడేది అందుకే. కానీ ‘నిటారుగా’ అనగానే చాలామంది ఛాతీ ఎగరేసి పరేడ్‌లో నిలబడ్డట్టు నిలబడతారు. అప్పుడు పక్కటెముకలు పైకి లేచి, నడుము వెనక్కి విల్లులా వంగి, బరువంతా నడుము మీద పడుతుంది. భుజాలను చెవులకు దూరంగా ఉంచండి. ఊపిరి వదులుతూ పక్కటెముకలను కిందికి దించండి. ఎవరో పొట్టలో వేలితో పొడవబోతున్నారన్నట్టు కాస్త బిగించి, చిన్న చిన్న ఊపిరి తీసుకుంటూ నడవండి. ఊపిరి బిగబట్టి నడవకూడదు.

తర్వాత అడుగులు. నడకలో ప్రతి అడుగుకీ ఒక క్షణం బరువంతా ఒంటికాలి మీద ఉంటుంది. అప్పుడు రెండోవైపు తుంటి కిందికి జారకుండా పిరుదు పక్క కండరాలు, నడుము పక్క కండరాలు ఆపాలి. పొట్ట చుట్టూ బలం వచ్చేది ఇక్కడే. అడుగు పెద్దదైతే బరువులు ఊగుతాయి, తుంటి జారుతుంది. మీ పాదమంత పొడవు అడుగు చాలు. బూట్ల చప్పుడు గట్టిగా వినిపిస్తుందంటే అదుపు తప్పినట్టే, దించేయండి.

ఇది సరిగ్గా వస్తోందో లేదో ఒంటిచేతి మోతలో తెలిసిపోతుంది. మా ఎదురింటి అన్నయ్యది 70 కిలోల బరువు. రెండు చేతుల్లో 16 కిలోల చొప్పున మోస్తూ బాగానే నడిచేవాడు. ఒక బకెట్ పక్కన పెట్టించి, కుడిచేత్తో ఒక్కటే పట్టించి, వెనక నుంచి ఫోన్‌లో వీడియో తీశాను. నడుము ఎడమకు ఒరిగిపోయింది, చొక్కా వెనక కుట్టు వంకరగా కనిపించింది. బకెట్ కుడివైపు లాగుతుంటే ఎడమ పక్క కండరాలు ఆపలేక, ఒళ్లంతా అటు వాల్చి సర్దుకుంటున్నాడు. ఇసుక తీసి 10 కిలోలకు తగ్గించాం. కుట్టు నిటారుగా ఉన్నంత దూరమే లెక్క అనుకున్నాం. మొదటిరోజు అది 8 మీటర్లు. నెల దాటాక అదే 10 కిలోలతో డాబా మీద 20 మీటర్లూ ఒరగకుండా నడిచాడు. 16 కిలోల బకెట్ మళ్లీ ఇచ్చింది అప్పుడే.

పట్టు విషయంలో ఒకటే మాట: చేతిని పిడికి కట్టేసే పట్టీలు చుట్టుకోవద్దు. వేళ్లు తెరుచుకోకుండా ముంజేతి కండరాలు ఆగకుండా బిగిసి ఉండాలి, పట్టు పెరిగేది దానివల్లే. పట్టీ వేస్తే ఆ పని పట్టీ చేసేస్తుంది. చేతిలో నొక్కే స్ప్రింగ్‌లను కూడా నేను ఎవరికీ చెప్పను. అవి నొక్కడం నేర్పుతాయి, మనకు కావాల్సింది వదలకుండా పట్టుకోవడం.

వారానికి రెండుసార్లు, 20 మీటర్ల చొప్పున నాలుగు విడతలు, మధ్యలో రెండు నిమిషాల విశ్రాంతి. ముందు దూరాన్ని 40 మీటర్ల దాకా పెంచండి, ఆ తర్వాతే చేతికి 2 కిలోలు. గట్టిగా పట్టి మోస్తే రక్తపోటు పెరుగుతుంది. బీపీ, హెర్నియా, నడుము డిస్క్ సమస్య ఉన్నవాళ్లు డాక్టరును అడక్కుండా మొదలుపెట్టవద్దు.

వేళ్లు తెరుచుకోవడం మొదలవగానే ఆగండి. పూర్తిగా జారిపోయేదాకా చూడొద్దు. ఆగి, రెండు పాదాలూ పక్కపక్కన పెట్టి, ఎత్తినట్టే తుంటి, మోకాళ్లు వంచి దించండి. అలసిపోయి నడుము వంచి దించడంలోనే ఎక్కువమందికి పట్టేస్తుంది. అందుకే ఇంకో రెండు మీటర్లు నడవగలిగే సత్తువ ఉండగానే దించేయాలి.