పాత్ర పేరు వినగానే ఉద్యోగం తెలిసిపోతోందా? స్క్రిప్టులో పేర్ల సమస్యలు, పరిష్కారాలు

స్క్రిప్టు చదివిన మిత్రుడు కథ బాగుందని చెప్పి, "పేర్లు మాత్రం ఎక్కడో చూసినట్టున్నాయి" అని నసిగితే ఆ మాటను తేలిగ్గా తీసుకోవద్దు. పేరు ఎక్కడ తప్పిందో వెతికి పట్టుకోవచ్చు, సరిచేయవచ్చు. ఇక్కడ ఒకే ఉదాహరణను చివరిదాకా వెంట తీసుకువెళ్తాను. కథ 2024లో, హైదరాబాద్‌లోని ఒక అపార్ట్‌మెంట్‌లో జరుగుతుంది. మొదటి ప్రతిలో వాచ్‌మన్ పేరు నూకరాజు. మూడో అంతస్తులో ఉండే పెద్దాయన రిటైర్డ్ చీఫ్ ఇంజినీర్, పేరు విశ్వనాథ్. ఆయన మనవడు ఆర్యన్. వాచ్‌మన్ కూతురు లచ్చిమి.

లక్షణం: పేరు వినగానే పాత్ర చేసే పని, మాట్లాడే తీరు ముందే తెలిసిపోతున్నాయి

పరీక్ష సులభం. పాత్రల పేర్లను మాత్రం ఒక కాగితం మీద రాసి, కథ తెలియని మనిషికి ఇచ్చి, ఎవరు ఏ పని చేస్తారో ఊహించమనండి. నూకరాజు వాచ్‌మన్ అని, విశ్వనాథ్ ఫ్లాటు యజమాని అని వెంటనే చెప్పేస్తే ఆ పేర్లు మీరు పెట్టినవి కావు, పాత సినిమాల నుంచి వచ్చి చేరినవి.

కారణం ఇది. రచయిత ముందు ఉద్యోగం రాసుకుని, దానికి తగ్గ పేరు వెతుకుతాడు. కానీ పేరు పెట్టే రోజున మనిషికి ఉద్యోగం ఉండదు. పేరు పెట్టేది తల్లిదండ్రులు, తాతలు, ఒక్కోసారి బడిలో చేర్పించేటప్పుడు పేరు రాసుకున్న మాస్టారు. అందుకే పేరు ఆ మనిషి గురించి చెప్పేదాని కంటే, అతను పుట్టిన సంవత్సరంలో ఆ ఇంటివాళ్లు ఏ దేవుడికి మొక్కారో, ఎవరిని గౌరవించారో, పిల్లవాడు ఎలా ఎదగాలనుకున్నారో ఎక్కువగా చెబుతుంది.

కాబట్టి ప్రతి ముఖ్య పాత్రకూ పేరు పెట్టేముందు మూడు ప్రశ్నలకు జవాబు రాసుకోండి. ఏ సంవత్సరంలో పుట్టాడు? ఎక్కడ పుట్టాడు? పేరు పెట్టింది ఎవరు? మన వాచ్‌మన్‌కు 46 ఏళ్లు, అంటే 1978లో పుట్టాడు. ఊరు అనకాపల్లి దగ్గర. తొలిచూలు కొడుకు, తండ్రి తిరుపతి మొక్కు మొక్కుకున్నాడు. అతనికి శ్రీనివాసరావు అన్న పేరు చక్కగా సరిపోతుంది. ఆ కాలంలో పొలం పని చేసేవారి ఇళ్లలోనూ, ఉద్యోగుల ఇళ్లలోనూ శ్రీనివాసులు పుట్టారు. ఇప్పుడు పేరు విని ఎవరూ వాచ్‌మన్ అని ఊహించలేరు. అతను ఏం చేస్తాడో, ఎలాంటివాడో సన్నివేశమే చెప్పాలి, అది దాని పని.

కూతురికి 17 ఏళ్లు, 2007లో పుట్టింది. ఆ పిల్లకు లచ్చిమి అని పేరు పెట్టడం, అందులోనూ పలుకుబడిని వక్రంగా రాయడం, ఆ ఇంటిని నలభై ఏళ్లు వెనక్కి నెట్టడమే. ఆ ఏడాది హారికలు, దివ్యలు అన్ని రకాల ఇళ్లలోనూ పుట్టారు. పిల్లల పేర్ల విషయంలో కొత్తదనం కోరుకోవడానికి ఆస్తితో పనిలేదు. ఆమె పేరు హారిక.

లక్షణం: ప్రాంతాన్ని సూచించే పేరు హేళనలా వినిపిస్తోంది

నూకరాజు పేరు తీసేశాం కాబట్టి సమస్య తీరిందనుకోవద్దు. ప్రాంతం సూచన కూడా దానితోపాటే పోయింది. చాలామంది ఇక్కడే ఆగిపోయి, అందరికీ రాహుల్, ప్రియ అని ఎక్కడివారో తెలియని పేర్లు పెట్టేస్తారు. అది కూడా తప్పే.

తెలుగు పేర్లలో ప్రాంతం ఎక్కువగా దేవుడి రూపంలో ఉంటుంది. సింహాచలం అప్పన్న పేరిట అప్పలరాజులు, అప్పలనరసమ్మలు, విజయనగరం పైడితల్లి పేరిట పైడిరాజులు, అనకాపల్లి నూకాంబిక పేరిట నూకరాజులు, నూకరత్నాలు ఉత్తరాంధ్రలో కనిపిస్తారు. యాదగిరిగుట్ట వైపు యాదగిరి, యాదమ్మ. అహోబిలం వైపు ఓబులేసు, ఓబులమ్మ. నెల్లూరు జిల్లా పెంచలకోన పేరిట పెంచలయ్య. కోటప్పకొండ చుట్టుపక్కల కోటయ్య, కోటేశ్వరరావు. ఈ దేవుళ్లకు మొక్కేవారిలో కూలీలు ఉన్నారు, భూస్వాములు ఉన్నారు, లెక్చరర్లు ఉన్నారు. పేరు ఆ ప్రాంతం మొత్తానిది. సినిమాలో మాత్రం అది పనివాడికో, హాస్యగాడికో, రౌడీకో మాత్రమే దక్కుతుంది. హేళన ఆ పేరులో లేదు, దాన్ని పంచిన తీరులో ఉంది.

పుల్లయ్య, పెంటయ్య లాంటి పేర్లకు జరిగింది మరీ అన్యాయం. పుట్టిన పిల్లలు దక్కని ఇళ్లలో, ఈ బిడ్డ మీద మృత్యువు కన్ను పడకూడదని కావాలనే విలువలేని వస్తువు పేరు పెట్టేవారు. అంత దుఃఖం నుంచి పుట్టిన పేరును నవ్వు కోసం వాడుకోవడం నాకు నచ్చదు. మన సినిమా తొలి తరం గొప్ప దర్శకుల్లోనే సి. పుల్లయ్య, పి. పుల్లయ్య అని ఇద్దరున్నారు.

పరిష్కారం: ప్రాంతాన్ని సూచించే పేరు కనీసం ఇద్దరికి ఉండాలి, ఆ ఇద్దరి ఆర్థిక స్థితి వేరుగా ఉండాలి. మన కథలో ఫ్లాటు యజమాని విశ్వనాథ్‌కు 71 ఏళ్లు, 1953లో పుట్టాడు. అతన్నీ అనకాపల్లి వైపు వాడినే చేద్దాం. పేరు సింహాచలం. తలుపు పక్కన ఇత్తడి పలక మీద ఆ పేరు, కింద 'చీఫ్ ఇంజినీర్ (రిటైర్డ్)' అని ఉంటుంది. ఇక వాచ్‌మన్ ప్రాంతాన్ని అతని పేరులో కాకుండా అతని తల్లి పేరులో పెడదాం. అప్పుడు ఇలాంటి సన్నివేశానికి చోటు దొరుకుతుంది:

శ్రీనివాసరావు: అమ్మను ఆసుపత్రిలో చేర్పించాలి సార్. రెండు రోజులు సెలవు కావాలి.
సింహాచలం: మీ అమ్మగారి పేరేమిటి? అక్కడ డాక్టరు నాకు తెలుసు, చెబుతాను.
శ్రీనివాసరావు: నూకరత్నం అండి.
సింహాచలం: (ఆగి) మీది అనకాపల్లి వైపా?
శ్రీనివాసరావు: అవునండి. మీకెలా తెలుసు?
సింహాచలం: మా పెద్దమ్మ పేరు కూడా అదే.

ప్రాంతం తెలిసింది, తరం తెలిసింది, ఇద్దరి మధ్య ఒక బంధుత్వపు ఛాయ కూడా వచ్చింది. ఎవరూ యాసను అనుకరించనక్కరలేదు.

లక్షణం: ముసలివాళ్లు మరీ ముసలివాళ్లలా, కుర్రవాళ్లు ఎవరో పెద్దవాళ్లలా వినిపిస్తున్నారు

రచయిత మనసులో 'నానమ్మ పేరు' అన్నది తన చిన్నప్పుడు విన్న దగ్గరే ఆగిపోతుంది. 2024లో 60 ఏళ్లున్న స్త్రీ 1964లో పుట్టింది. ఆమెకు సుబ్బమ్మ అనే పేరు ఉండకూడదని కాదు, కానీ విజయలక్ష్మి, సుశీల, సరోజిని అన్న పేర్లు మీకు తట్టాయా లేదా అన్నది ప్రశ్న. ఇప్పటి నాయనమ్మల్లో చాలామంది విజయలక్ష్ములే.

ఊహించే బదులు ఓటర్ల జాబితా చూడండి. ఎన్నికల సంఘం పోలింగ్ కేంద్రాల వారీగా ప్రచురించే ఆ జాబితాలో ప్రతి ఓటరు పేరుతోపాటు వయసు, తండ్రి లేదా భర్త పేరు ఉంటాయి. మీ పాత్ర పుట్టిన ప్రాంతంలో ఒక పల్లె జాబితా, దగ్గరి పట్టణంలో ఒక వార్డు జాబితా తీసుకోండి. పాత్రకు రెండేళ్లు అటూ ఇటూ వయసున్నవారి పేర్లు మాత్రమే వరుసగా చదవండి. ఏ పేర్లు మళ్లీ మళ్లీ వస్తున్నాయో, తండ్రి పేరు నుంచి కొడుకు పేరుకు ఏం మారిందో ఒక పూటలో చెవికి పట్టుబడుతుంది. పల్లెకూ పట్టణానికీ మధ్య మీరు అనుకున్నంత తేడా లేకపోతే, ఆ సంగతి కూడా పనికొచ్చేదే.

రెండు జాగ్రత్తలు. వృద్ధుల వయసు జాబితాలో ఉజ్జాయింపుగా ఉండవచ్చు, కాబట్టి అయిదారేళ్లు అటూ ఇటూ చూడండి. ఇంటిపేరుతో సహా ఎవరి పూర్తి పేరునూ ఎత్తుకోవద్దు, వ్యక్తి పేరు ఒక్కటే తీసుకోండి. 18 ఏళ్లు నిండనివారు ఈ జాబితాలో ఉండరు. చిన్నపిల్లల పేర్లకు బడిలో పనిచేసే ఉపాధ్యాయులను అడగడం మంచిది.

ఈ లెక్కకు లొంగని పాత్ర కూడా ఉంటుంది. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో పాతికేళ్ల సత్యనారాయణ సహజం. అలాంటప్పుడు ఆ సంగతి తెరమీద ఒక్కసారైనా తెలియాలి. గోడమీద తాత ఫొటో కింద అదే పేరు చాలు. లేకపోతే ప్రేక్షకుడు అది మీ పొరపాటు అనుకుంటాడు.

లక్షణం: మూస పోయింది, కానీ అంతస్తు తేడా కూడా కనిపించడం లేదు

శ్రీనివాసరావు, సింహాచలం, హారిక. ఈ పేర్లలో ఎవరు ఎవరికి జీతం ఇస్తారో తెలియదు. తెలియనక్కరలేదు. అంతస్తు పేరులో కంటే పిలుపులో స్పష్టంగా వినిపిస్తుంది. పాత్ర పేరు పక్కన, ఎవరు అతన్ని ఏమని పిలుస్తారో ఒక పట్టిక రాసుకోండి.

సింహాచలం అతన్ని 'శ్రీనివాస్' అంటాడు, తల్లి పేరు తెలిసిన తర్వాత 'శీనూ' అంటాడు. ఆయన కోడలి ఫోనులో అతని నంబరు 'వాచ్‌మన్' అన్న పేరుతో ఉంది. అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి అతనికంటే పదిహేనేళ్లు చిన్నవాడు, అయినా 'ఏయ్' అని పిలుస్తాడు. ఊరి నుంచి వచ్చిన బావమరిది 'బావా' అంటాడు. హారిక కాలేజీ దరఖాస్తులో తండ్రి పేరు గడిలో మొదటిసారి ఇంటిపేరుతో సహా పూర్తి పేరు కనిపిస్తుంది. శ్రీనివాసరావు మాత్రం సింహాచలాన్ని కథంతా 'సార్' అనే అంటాడు, పేరు ఉచ్చరించడు. ఒకరి పేరు పలికే హక్కు ఎవరికి ఉంది, ఎవరికి లేదు అన్నది పెట్టిన పేరు కంటే ఎక్కువ చెబుతుంది.

డైలాగు పైన మాత్రం మొదటి నుంచి చివరిదాకా 'శ్రీనివాసరావు' అనే రాయండి. అక్కడ 'వాచ్‌మన్' అని రాస్తే స్క్రిప్టు చదివే నటుడు, దర్శకుడు అతన్ని అలాగే చూడటం మొదలుపెడతారు.

మరి రెండు చిన్న లక్షణాలు

పేరు చివర కులాన్ని సూచించే తోక తగిలించగానే పాత్ర విలనో, పెత్తందారో అయిపోతున్నాడా? తోక తీసి చదవండి. కథలో ఏమీ మారకపోతే దాని అవసరం లేదు. కథే కులం గురించినదైతే ఉంచండి, కానీ అదే తోక ఉన్న మరో మనిషిని వేరే స్వభావంతో చూపండి.

శ్రీనివాసరావు, శ్రీధర్, శ్రీలత అని ఒకే అక్షరంతో మొదలయ్యే పేర్లు పేజీ మీద కలిసిపోతాయి. సహజత్వం కోసం జాబితా నుంచి తీసుకున్నా సరే, ముఖ్య పాత్రల తొలి అక్షరాలు వేరుగా ఉండేలా ఆ జాబితాలోనే మరో పేరు ఎంచుకోండి. 1978లో పుట్టినవారికి రమేష్, ప్రసాద్ కూడా అంతే సహజమైన పేర్లు.