బాల్కనీ మోసే బీమ్ మెలితిరిగితే: వాలు పగుళ్లు, కారణం, మూసిన రింగులు

పటమటలోనో బ్రాడీపేటలోనో చిన్న స్థలంలో కట్టే మూడంతస్తుల ఇళ్లలో ఒక తరహా బీమ్ తరచూ ఇబ్బంది పెడుతుంది. దానికి రోడ్డువైపు మీటరు బాల్కనీ వేలాడుతుంది. లోపలివైపు మెట్ల ఖాళీయో, రెండంతస్తుల ఎత్తు హాలో ఉంటుంది కాబట్టి స్లాబ్ ఉండదు. మామూలు ఇంట్లో బాల్కనీ స్లాబు పైకమ్మీలు బీమ్ దాటి గది స్లాబులోకి వెళ్లి, బాల్కనీని వెనక్కి పట్టి ఉంచుతాయి. ఇక్కడ ఆ పట్టు లేదు. బరువంతా బీమ్‌ను కిందికి వంచుతుంది, దానితోపాటు రోడ్డువైపు మెలితిప్పుతుంది.

లక్షణం 1: బీమ్ పక్కల మీద వాలు పగుళ్లు

పగులు వాలుగా కనిపించగానే షియర్, అంటే కోత బలం వల్లే అనేయకండి. కాలమ్ దగ్గర ఒకే చోట బీమ్ లోపలి ముఖాన్ని, బయటి ముఖాన్ని చూడండి. ప్రతి ముఖాన్నీ దానికి ఎదురుగా నిలబడి చూడాలి. ఉత్తి షియర్ అయితే పగులు బీమ్‌ను అడ్డంగా కోసినట్టు వెళ్తుంది. అందుకే ఒక ముఖం మీద కుడికి ఎక్కితే రెండో ముఖం మీద ఎడమకు ఎక్కుతుంది. మెలి అయితే పగులు తాడు పురిలా చుట్టుకుంటుంది, రెండు ముఖాల మీదా ఒకేవైపు ఎక్కుతుంది. అడుగున ప్లాస్టర్ గీకి చూస్తే అక్కడా ఏటవాలుగా కనిపిస్తుంది. వంపు వల్ల వచ్చే పగులైతే అడుగున బీమ్ పొడవుకు అడ్డంగా, వాలు లేకుండా ఉంటుంది.

నిజంగా జరిగేది రెండూ కలిసిన కేసు. ఒక ముఖం మీద షియర్, మెలి కూడుకుంటాయి, రెండో ముఖం మీద ఒకదానికొకటి తగ్గించుకుంటాయి. అందుకే ఒక పక్క పగులు గట్టిగా ఉండి రెండో పక్క సన్నగానో, అసలు లేకుండానో ఉండొచ్చు. అప్పుడు అడుగు భాగమే అసలు సాక్షి.

లక్షణం 2: బాల్కనీ అంచు కిందికి దిగడం

దీనికి రెండు కారణాలు ఉంటాయి, రిపేరు రెండింటికీ వేరు. బీమ్ ముఖానికి గుండు దారం వేలాడదీసి కాలమ్ దగ్గర ఒకసారి, మధ్యలో ఒకసారి చూడండి. కాలమ్ దగ్గర నిటారుగా ఉండి మధ్యలో పైఅంచు బయటికి ఒరిగితే బీమ్ తిరిగింది. అంతటా నిటారుగా ఉండి స్లాబ్ మాత్రమే వాలితే, కాంక్రీట్ పోసేటప్పుడు పైకమ్మీలను తొక్కి కిందికి దించేసి ఉంటారు. ఆ రెండో జబ్బుకు ఈ వ్యాసంలో మందు లేదు.

కారణం: లెక్కలో మెలి రాలేదు

సాఫ్ట్‌వేర్‌లో బాల్కనీ బరువును బీమ్ గీత మీద నేరుగా పెట్టేస్తారు. బరువు వస్తుంది కానీ అది బీమ్ నుంచి ఎంత దూరంలో ఉందో లెక్కకు రాదు. ఇంకో అలవాటు, అన్ని బీములకూ మెలి గట్టితనాన్ని దాదాపు సున్నా చేయడం. చుట్టూ స్లాబు ఉన్న బీములకు అది సరే. మెలిపట్టు లేకపోతే పడిపోయే బీమ్‌కు అది తప్పు.

అంకెల్లో చూద్దాం. బీమ్ 230 × 450 మి.మీ., కాలమ్‌ల మధ్య 3 మీటర్లు, M25 కాంక్రీట్, కవర్ 25, మూలల్లో 16 మి.మీ. కమ్మీలు. స్లాబు, ఫ్లోరింగ్, మనుషుల బరువు కలిపి చదరపు మీటరుకు 7 కి.న్యూ., 1.5తో గుణిస్తే 10.5. అంచున నాలుగున్నర అంగుళాల ఇటుక పిట్టగోడ మీటరుకు 2.5, గుణిస్తే 3.75.

బీమ్ మధ్యగీత నుంచి స్లాబు బరువు 0.615 మీటర్ల దూరంలో, పిట్టగోడ 1.055 మీటర్ల దూరంలో ఉంటాయి. మెలి మీటరుకు 6.46 + 3.96, అంటే సుమారు 10.4. రెండు కొసలూ సమంగా పంచుకుంటే కాలమ్ దగ్గర Tu = 15.6 కి.న్యూ.మీ. పైన తొమ్మిదంగుళాల గోడ, బీమ్ సొంత బరువు కలుపుకుంటే షియర్ Vu = 55.5 కి.న్యూ., వంపు Mu = 28 కి.న్యూ.మీ.

భారతీయ కాంక్రీట్ ప్రమాణం IS 456 పద్ధతిలో మెలిని షియర్‌గా, వంపుగా మార్చి కలుపుతాం; b బీమ్ వెడల్పు, D లోతు:

```
Ve = Vu + 1.6 Tu/b = 55.5 + 108.5 = 164 kN
Mt = Tu (1 + D/b)/1.7 = 27.1 kNm
Me = Mu + Mt = 55.1 kNm
```

షియర్ 55 నుంచి 164కి, వంపు 28 నుంచి 55కి పెరిగాయి. పైన 16 మి.మీ. కమ్మీలు రెండు వంపుకు సరిపోతాయి. చిక్కంతా రింగులతోనే. ఫార్ములా ఇది; Asv రింగు కాళ్ల వైశాల్యం, sv రింగుల మధ్య దూరం, b1, d1 మూల కమ్మీల మధ్య అడ్డం, నిలువు దూరాలు, fy కమ్మీ బలం:

```
Asv/sv = Tu/(b1 d1 0.87fy) + Vu/(2.5 d1 0.87fy)
b1 = 148, d1 = 368, fy = 415
Asv/sv = 0.793 + 0.167 = 0.96
```

Fe500 కమ్మీ వాడినా షియర్ నిబంధన ప్రకారం fy 415 దాటి తీసుకోకూడదు, చాలా మంది ఇక్కడే పొరబడతారు. 8 మి.మీ. రెండు కాళ్ల రింగు 100.5 చ.మి.మీ., 0.96తో భాగిస్తే 105. అంటే 100 మి.మీ.కు ఒక రింగు. మెలిని వదిలేసిన డ్రాయింగ్‌లో కనిష్ఠ రింగులే చాలని 200 మి.మీ. రాసి ఉంటుంది. కావలసిన దానిలో సగమే ఉందన్నమాట.

పోయక ముందు చూడాల్సినవి

రింగు నాలుగు వైపులా మూసి ఉండాలి. పైన విప్పి ఉన్న U రింగు మెలికి పనికిరాదు, ఎందుకంటే మెలి ఒత్తిడి చుట్టూ తిరుగుతుంది, ఎక్కడ తెగితే అక్కడే విచ్చుకుంటుంది. కొక్కేన్ని 90 డిగ్రీలకు కాకుండా 135 డిగ్రీలకు వంచి, కొసను లోపలి కాంక్రీట్‌లోకి కనీసం 75 మి.మీ. పంపాలి. మెలి వల్ల కవర్ ఊడిపోతే 90 డిగ్రీల కొక్కెం తెరుచుకుంటుంది. కొక్కేలన్నీ ఒకే మూలలో వరుసగా కట్టడం రాడ్ బెండర్‌కు సులువు, కానీ వాటిని మూలలు మార్చి కట్టించండి.

దూరానికి ఇంకో పరిమితి ఉంది. రింగు పొట్టి వైపు x1 = 172, పొడవు వైపు y1 = 392, రెండూ కలిపి నాలుగుతో భాగిస్తే 141. లెక్క ఎంత చెప్పినా దాన్ని మించకూడదు. నాలుగు మూలల్లో కమ్మీ తప్పనిసరి. లోతు 450 దాటితే పక్క కమ్మీలు కావాలని నిబంధన. సరిగ్గా 450 ఉన్నా ప్రతి పక్కా మధ్యలో ఒక 12 మి.మీ. కమ్మీ వేయడం మంచిదని మా అభిప్రాయం, దానికి ఖర్చు పెద్దగా కాదు.

బీమ్ కొసలో మెలి మాయం కాదు, కాలమ్‌కు వంపుగా చేరుతుంది. ఆ కాలమ్ లెక్క కూడా తిరిగి చూసుకోవాలి.

కట్టేశాక సమస్య బయటపడితే

మొదట బాల్కనీ బయటి అంచు కింద ప్రాప్‌లు పెట్టండి. వాటిని బిగించండి కానీ పైకి ఎత్తొద్దు: పైకమ్మీలే ఉన్న స్లాబును ఎత్తితే అడుగున పగులుతుంది. ఆ తర్వాత రీబార్ లొకేటర్‌తో గానీ రెండు చోట్ల కవర్ చెక్కి గానీ రింగుల అసలు దూరం, వ్యాసం కొలవండి.

తక్షణం చేయగలిగిన పని, ఇటుక పిట్టగోడ తీసి తేలికైన స్టీల్ రెయిలింగ్ పెట్టడం. మెలి 15.6 నుంచి 9.7కు దిగుతుంది. అయినా కావలసిన దూరం 141 పరిమితి దగ్గరే ఆగుతుంది, ఉన్న 200 రింగు చాలదు. కాబట్టి జాకెటింగ్ తప్పదు. పాత కాంక్రీట్ గరుకు చేసి, స్లాబులో రంధ్రాలు పొడిచి, కొత్త రింగులు నాలుగు వైపులా చుట్టి మూసి, చుట్టూ 75 నుంచి 100 మి.మీ. కాంక్రీట్ పోయాలి. స్లాబు అడ్డుందని మూడు వైపులే జాకెట్ వేసినా, ఫైబర్ బట్టను U ఆకారంలో అతికించినా మళ్లీ విప్పిన రింగే అవుతుంది.

పగుళ్లలో ఎపాక్సీ ఎక్కించడం జాకెట్‌కు ముందు చేసే పని. ఎపాక్సీ ఒక్కటే చేసి రంగు వేసి వదిలేస్తే, పాత పగులు పక్కనే కొత్తది లేస్తుంది.